కుక్కర్‌కున్న గాస్కెట్ వాచీకీ ఉంది

పోయిన నెలలో మా బావగారు తన చేతి వాచీ తెచ్చి నా ముందు పెట్టారు. స్టీలు వాచీ, మూడు ముళ్లు, తేదీ కనిపించే చిన్న కిటికీ. "ఏమోయ్, ఆగిపోయింది. సెల్లు వేసి పెట్టు" అన్నారు. ఆగే ముందు సెకన్ల ముల్లు ఎలా నడిచిందని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఓ వారం పది రోజులు గెంతింది. నాలుగు గీతలు ఒక్కసారే దాటడం, నాలుగు సెకన్లు ఆగడం, మళ్లీ గెంతడం. ముల్లు వదులైందేమో అనుకున్నాను" అన్నారు.

అది జబ్బు కాదు. సెల్లు అయిపోవస్తోందని వాచీ చేసే సైగ. క్వార్ట్జ్ వాచీలో గోరుకంటే చిన్నదైన స్ఫటికం ఒకటి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టే చిప్పు సెకనుకొకసారి మోటారును తడుతుంది. సెల్లు వోల్టేజి ఒక హద్దు కంటే పడిపోతే, కొన్ని వాచీల్లోని చిప్పు ముల్లును రెండు సెకన్లకో, నాలుగు సెకన్లకో ఒకసారి కదిలిస్తుంది. టైము మాత్రం తప్పదు. ఈ గెంతుళ్లు కనబడితే కొత్త సెల్లు వేస్తే వాచీ బాగుపడుతుందని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. అలా కాకుండా ముల్లు ఉన్నచోటనే వణుకుతుంటే మాత్రం రెండు అనుమానాలు పెట్టుకోవాలి. సెల్లు నీరసించి ఉండవచ్చు, లేదా లోపలి పళ్లచక్రాల దగ్గర నూనె ఎండి బిగుసుకుని ఉండవచ్చు. రెండోదైతే కొత్త సెల్లు వేసినా ఆ వణుకు పోదు.

బావగారి వాచీ సంగతికి వచ్చే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద మొదటిసారి నా సొంత వాచీ విప్పాను. సెల్లు మార్చాను, ముల్లు తిరిగింది, మూత నొక్కాను, మురిసిపోయాను. ఆ రాత్రి లుంగీ దులుపుతుంటే సన్నటి నల్ల రబ్బరు రింగు ఒకటి కిందపడింది. ఎక్కడిదో అర్థం కాక బయట పారేశాను. వాన కాలం రాగానే వాచీ అద్దం లోపల ఆవిరి పట్టింది. దీపావళి నాటికి తేదీ చక్రం మీద తుప్పు మరకలు కనబడ్డాయి. ఆ తర్వాత వాచీ ఆగిపోయింది, మళ్లీ నడవలేదు. కుక్కర్‌కు గాస్కెట్ లేకపోతే ఆవిరి బయటికి పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. వాచీకి గాస్కెట్ లేకపోతే తేమ లోపలికి వస్తుందని నాకు అంత ఖర్చు పెడితే గానీ తెలియలేదు. అందుకే ఈ ప్రసంగంలో సెల్లు గురించి కొంత చెప్పి, మిగిలిన సమయమంతా ఆ మూతకీ, ఆ రింగుకీ ఇస్తాను.

ముందు సెల్లు. షాపుకెళ్లి "వాచీ సెల్లు ఇవ్వండి" అంటే చాలదు. పాత సెల్లు మీద చెక్కిన నంబరు చదవాలి, అందుకే కొనడానికి ముందే వాచీ విప్పి చూడాలి. బావగారి వాచీలో ఉన్నది ఎస్ ఆర్ 626 ఎస్ డబ్ల్యు. ముళ్ల వాచీల్లో ఎక్కువగా కనబడే వాటిలో ఇదొకటి. ఈ పేరు విడదీసి చూడండి. ఎస్ అంటే సిల్వర్ ఆక్సైడ్ రకం. ఆర్ అంటే గుండ్రనిది. 626లో మొదటి ఆరు వ్యాసానికి గుర్తు. సరిగ్గా ఆరు మిల్లీమీటర్లు కాదు, కొలిస్తే 6.8 ఉంటుంది. చివరి 26 మందం, అంటే 2.6 మిల్లీమీటర్లు. ఇదే సెల్లును కొన్ని కంపెనీలు 377 అనే నంబరుతో అమ్ముతాయి. రెండు నంబర్లూ ఒకదానికే, కంగారు పడనక్కర్లేదు.

జనం పొరబడేది ఆ మందం దగ్గరే. ఎస్ ఆర్ 621 ఎస్ డబ్ల్యు అని దీని తోబుట్టువు ఒకటుంది, దాన్నే 364 అంటారు. వ్యాసం అదే 6.8. మందం మాత్రం అర మిల్లీమీటరు తక్కువ. 626 ఉండాల్సిన గుంటలో 621 హాయిగా కూర్చుంటుంది, పైకి చూస్తే తేడా తెలియదు. కానీ సెల్లును పైనుంచి పట్టి ఉంచే రేకు దాన్ని గట్టిగా తాకదు. వాచీ నడుస్తుంది, చెయ్యి ఊపితే ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఇలాంటి వాచీ ఒకదాన్ని నేను విప్పితే, ఆ సందు పూడ్చడానికి సెల్లు మీద సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టి ఉంది. ఆ కాగితం కాస్త పక్కకి జరిగితే సెల్లు షార్ట్ అవుతుంది. తిరగేసి 621 ఉండాల్సిన చోట 626 దూర్చితే రేకు వంగిపోతుంది, మూత పడదు. అయినా గట్టిగా నొక్కారంటే సెల్లు లోపలి భాగాల మీద కూర్చుంటుంది.

ఇంకో మోసం కూడా ఉంది. సరిగ్గా అదే కొలతతో ఎల్ ఆర్ 626 అనే సెల్లు దొరుకుతుంది, ఏజీ 4 అని కూడా రాస్తారు. అట్ట మీద పది సెల్లులు వరసగా అతికించి చవకగా అమ్మేవి తరచుగా ఇవే. ఇది ఆల్కలైన్ రకం. వేస్తే వాచీ నడుస్తుంది కూడా. కాకపోతే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు దాదాపు చివరిదాకా 1.55 వోల్టుల దగ్గర నిలకడగా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ సెల్లు ఒకటిన్నర వోల్టుల దగ్గర మొదలై వాడుతున్నకొద్దీ దిగుతూనే ఉంటుంది. పైగా లోపలి క్షారం కారే అలవాటు దీనికి ఎక్కువ. ఆయుష్షు సంగతి చిన్న లెక్కతో చెబుతాను. ఒక మంచి 377 సెల్లులో సుమారు 28 మిల్లీ యాంప్ అవర్ల శక్తి ఉంటుంది. మామూలు మూడు ముళ్ల వాచీ తినేది యాంపియరులో పది లక్షలో వంతు, కాస్త అటూ ఇటూ. భాగిస్తే 28,000 గంటలు వస్తాయి, అంటే మూడేళ్ల పైమాట. మంచి సెల్లు వేసినా ఆరు నెలలకే అయిపోతోందంటే, లోపల నూనె చిక్కబడి మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందని అనుమానించాలి. అప్పుడది రిపేరు చేసేవారి పని.

ఇక మూత తీయడం. బల్ల మీద తెల్లటి బట్ట పరవండి. లుంగీ మీద పెట్టుకుని మాత్రం చేయకండి. బెల్టు విప్పితే మంచిది, విప్పలేకపోతే కనీసం మూతకు అడ్డం రాకుండా వెనక్కి మడవండి. ఇప్పుడు వాచీని బోర్లించి, వెనక మూత ఏ రకమో చూడండి. అంచు చుట్టూ ఆరో, అంతకంటే ఎక్కువో గాట్లు ఉంటే అది సీసా మూతలా మర తిప్పి తీసేది. నాలుగు మూలల్లో నాలుగు చిన్న మరలు ఉంటే స్క్రూడ్రైవర్ పని. రెండూ లేకుండా నున్నగా ఉంటే నొక్కి బిగించిన మూత, బావగారిది అదే. వెనక మూతే లేకుండా ఒకే ముద్దలా ఉన్న వాచీలు కూడా ఉన్నాయి. వాటిని అద్దం వైపు నుంచి విప్పాలి కాబట్టి మనం ముట్టుకోవద్దు.

నొక్కుడు మూతకు ఎక్కడో ఒకచోట చిన్న నొక్కు ఉంటుంది. గోరు అంచు పట్టేంత సందు. ఎక్కువగా బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర ఉంటుంది, ఒక్కోసారి కీ దగ్గర. కీ అంటే టైము మార్చడానికి పక్కన లాగే బుడిపె. పాత రోజుల్లో దానికే కీ ఇచ్చేవాళ్లం, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. భూతద్దంతో చుట్టూ వెతకండి. ఆ సందు దొరక్కుండా ఎక్కడపడితే అక్కడ కత్తి పెడితే కేసు అంచు చెక్కుకుపోతుంది. ఆ గీత పడిన చోట తర్వాత ఏ గాస్కెట్టూ సరిగ్గా కూర్చోదు.

దీనికి పొట్టి మొద్దు కత్తి ఒకటి అమ్ముతారు, బ్లేడు మందంగా పొట్టిగా ఉంటుంది. కూరగాయల కత్తి వద్దు. అది జారితే ముందు బొటనవేలు తెగుతుంది, ఆ తర్వాత వాచీ. బ్లేడును సందులో మిల్లీమీటరు మాత్రమే దూర్చండి. పైకి మీటడం కాదు, తాళంలో తాళంచెవి తిప్పినట్టు బ్లేడును కొంచెం మెలితిప్పండి. మూత టక్కుమని లేస్తుంది. లేవగానే ఆగండి. చాలామంది ఇక్కడే కత్తిని ఇంకా లోపలికి పోనిచ్చి రింగును కోసేస్తారు. రెండో చేత్తో మూతను నిదానంగా ఎత్తి, దాని కింద ఏం అంటుకుని వచ్చిందో చూడండి. గాస్కెట్ మూతకు అంటుకుని రావచ్చు, కేసు గాడిలో ఉండిపోవచ్చు, సగం ఇటు సగం అటు వేలాడవచ్చు. ఎక్కడ ఉందో చూడకుండా తర్వాతి పనికి వెళ్లొద్దు. నా పాత వాచీ ప్రాణం పోయింది సరిగ్గా ఆ క్షణంలోనే.

మర మూత అయితే సందు మాట లేదు గానీ, తిప్పే సాధనం కావాలి. గాట్లలో సరిగ్గా కూర్చునే పళ్ల పనిముట్టు ఉత్తమం. మరీ బిగుతుగా లేని మూతలు జిగురుగా ఉండే రబ్బరు బంతితో నొక్కి తిప్పినా కదులుతాయి. అపసవ్యంగా, అంటే గడియారం ముల్లు నడిచే దిక్కుకు ఎదురుగా తిప్పాలి.

మూత తీశాక ఏదీ ముట్టుకోకముందే ఫోనుతో ఒక ఫోటో తీయండి. సెల్లు ఏ వైపు పైకి ఉంది, రేకు ఎటు తిరిగి ఉంది, రింగు ఎక్కడ ఉంది, అన్నీ అందులో ఉంటాయి. సెల్లు పక్కనే నిగనిగలాడే రాగి తీగచుట్ట కనిపిస్తుంది. ఆ తీగ తలవెంట్రుక కంటే సన్నం. స్క్రూడ్రైవర్ మొన జారి ఒక్క గీత పడిందంటే ఆ మెషీను పని ముగిసినట్టే, అతికించడానికి వీలుండదు. అందుకే నేను సెల్లు తీయడానికి ప్లాస్టిక్ ట్వీజర్లు, పళ్లలో గుచ్చుకునే పుల్ల తప్ప ఇనుము వాడను. ఇనుప ట్వీజర్లతో సెల్లు పై ముఖాన్నీ అంచు కింది భాగాన్నీ కలిపి పట్టుకుంటే అది షార్ట్ అవుతుంది కూడా. సెల్లును పట్టి ఉంచే రేకు కొన్నింటిలో చిన్న కొక్కెంలా ఉంటుంది, కొన్నింటిలో చిన్న మరతో బిగించి ఉంటుంది. బావగారి దాంట్లో కొక్కెమే. పుల్లతో దాన్ని పక్కకి నెడితే సెల్లు ఒక పక్కకు లేచింది. కొత్త సెల్లును బట్టతో తుడిచి, వేళ్ల తడి, జిడ్డు అంటకుండా పక్కల పట్టుకుని వేశాను. ముల్లు నడిచింది. నడవకపోతే కీ బయటికి లాగి ఉందేమో, సెల్లు తిరగబడిందేమో, దానికి అంటించిన పల్చటి కాగితం తీయలేదేమో చూసుకోవాలి. ముల్లు తిరగడం కళ్లతో చూశాకే మూత సంగతి.

తీసిన పాత సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి వెంటనే ఎత్తి దాచాను. ఇంట్లో మనవరాలు ఉంది. పిల్లలు బటన్ సెల్లు మింగితే, అందులోనూ కొన్ని డిజిటల్ వాచీల్లో, రిమోట్లలో ఉండే రూపాయి బిళ్లంత లిథియం సెల్లు గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. ఏడుస్తారా, బయటికి పోతుందా అని చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇప్పుడు రింగు. బావగారి గాస్కెట్ గాడిలోనే ఉండిపోయింది, కానీ తీసి చూడాలి. పుల్ల మొనతో ఒకచోట నెమ్మదిగా లేపి తీశాను. మంచి గాస్కెట్ వేలికి మెత్తగా తగులుతుంది, అడ్డంగా చూస్తే గుండ్రంగా ఉంటుంది, వదలగానే తన ఆకారానికి తనే వస్తుంది. ముసలిది బల్లపరుపుగా అణిగి ఉంటుంది. వంచితే చిన్న చిన్న పగుళ్లు విచ్చుకుంటాయి. లేదా బెల్లం పాకంలా వేలికి అంటుకుంటుంది. ఈ గుణాల్లో ఏది కనబడినా మార్చాల్సిందే. కొత్తది కొనాలంటే కేసునో మూతనో వెంట తీసుకెళ్లడం మేలు. రింగు లోపలి వ్యాసం ఒక్కటే సరిపోదు, దాని మందం కూడా గాడికి తగ్గట్టు ఉండాలి. గాడి కంటే సన్నదైతే నీరు ఆపదు, లావుదైతే మూత పడదు. చిన్న రింగును సాగదీసి ఎక్కిస్తే అది పల్చబడి, మళ్లీ ముడుచుకునేటప్పుడు గాడిలోంచి బయటికి దూకుతుంది.

బావగారిది బాగానే ఉంది. చెమటా, దుమ్మూ కలిసి గట్టిపడిన మట్టి మాత్రం గాడి నిండా ఉంది. పుల్లకు బట్ట చుట్టి దాన్ని పొడిగా తుడిచాను. పెట్రోలు గానీ, థిన్నర్ గానీ రింగుకు తగలనివ్వకూడదు. కొన్ని రబ్బర్లు అందులో ఉబ్బుతాయి, ఉబ్బిన రింగు తన గాడిలో తనే పట్టదు. ఆ తర్వాత సిలికోన్ గ్రీజు. ఎంత? ఆవగింజలో సగం. వేలికి రాసుకుని, రింగును రెండు వేళ్ల మధ్య మెల్లగా జార్చాలి, పైన మెరుపు కనబడితే చాలు. ఈ గ్రీజు నీటిని ఆపే గోడ కాదు. మూత పడేటప్పుడు రింగు మెలిపడకుండా జారడానికీ, రబ్బరు ఎండిపోకుండా ఉండటానికీ అంతే. వ్యాజలైన్, కొబ్బరినూనె పనికిరావు, రబ్బరును పాడుచేయడమే కాక లోపలి చక్రాల మీదికి పాకుతాయి.

మూయడంలో ముందుగా చూడాల్సింది, మూత లోపలి అంచున ఒకచోట చిన్న గంటు ఉందా అని. కీ పుల్ల లోపలికి వెళ్లే దారి అది. ఆ గంటు కీ వైపే రావాలి. తిప్పి పెట్టి నొక్కితే మూత పడదు, పడితే ఇంకా ప్రమాదం. రింగు గాడిలో చుట్టూ కూర్చుందని చూసుకుని, కీ నొక్కి ఉందని చూసుకుని, వాచీని మడతపెట్టిన మందపాటి బట్ట మీద అద్దం కిందికి పెట్టాను. మూతను ముందు గంటు ఉన్న వైపు కూర్చోబెట్టి, ఎదురు వైపు రెండు బొటనవేళ్లతో తిన్నగా నొక్కాను. టక్ అని ఒక్క శబ్దం రావాలి, గోరుతో చుట్టూ తడిమితే ఎక్కడా ఎత్తు తగలకూడదు. ఎక్కడైనా నల్లటి నూలుపోగులాంటిది బయటికి తొంగి చూస్తుంటే రింగు నలిగినట్టు. మళ్లీ తీసి, నలిగిన చోటు తెగిందేమో చూసి, మళ్లీ మొదలు.

ఒక్కోసారి బొటనవేళ్ల బలం చాలదు. అప్పుడు సుత్తి, రోకలి, తలుపు సందు, ఇవన్నీ జనం ప్రయత్నించినవే. అద్దం పగిలేది ఆ క్షణాన్నే. నొక్కేందుకు ప్రత్యేకంగా చిన్న ప్రెస్ ఉంటుంది. దాని అచ్చులు గుండ్రటి గిన్నెల్లా ఉండి, ఒత్తిడి అద్దం మీద పడకుండా చుట్టూ ఉన్న అంచు మీదే పడేట్టు చూస్తాయి. అది లేకపోతే రిపేరు బడ్డీకి తీసుకెళ్లి "మూత ఒక్కటి నొక్కి పెట్టండి" అని అడగడంలో నామోషీ లేదు.

ఒక పరీక్ష చెప్పి ముందుకెళతాను. మూత వేశాక వాచీని చేతికి వెచ్చగా తగిలేంత వేడి ఉన్న చోట, సుమారు 40 డిగ్రీలు, పది ఇరవై నిమిషాలు ఉంచండి. వేడి టీ గ్లాసు మీద పెట్టకండి, ఆవిరి తగలకూడదు. తర్వాత అద్దం మధ్యలో మామూలు నీటి చుక్క ఒకటి వేసి, నిమిషం ఆగి తుడవండి. చుక్క ఉన్న చోట అద్దం లోపలి వైపు మసక కనబడితే లోపల తేమ చిక్కుకుందన్నమాట. అలాగైతే పొడిగా ఉన్న రోజున మళ్లీ విప్పి, ఆరనిచ్చి మూయాలి. ముసురు పట్టిన రోజున, ఉక్కపోత రోజున వాచీ విప్పకపోవడం ఇందుకే. గాస్కెట్ ఎంత బాగున్నా లోపల బంధించిన గాలే తడిగాలి అయితే అది చేసేదేమీ లేదు. ఇది తేమను పట్టే పరీక్షే గానీ నీటి ఒత్తిడి పరీక్ష కాదు. ఇంట్లో విప్పిన వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉన్నా, చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులకు మించి నమ్మొద్దు. ఈతకు వాడే వాచీ అయితే ఒత్తిడి పరీక్ష చేసే చోటే సెల్లు మార్పించండి.

బావగారి వాచీకి మసక పట్టలేదు. సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి రాగానే కీ లాగి ఆపి, రాత్రి వార్తల ముందు వచ్చే సమయ సంకేతానికి కీ నొక్కి వదిలాను. నెల తిరిగేసరికి ఎనిమిది సెకన్లు ముందుంది, మామూలు క్వార్ట్జ్ వాచీకి అది బాగానే ఉన్నట్టు.

ఇది చూసి మా అక్క కూడా తన వాచీ తెచ్చింది. "నాదీ ఆగింది, దానికీ సెల్లు వెయ్యరా" అంది. చూస్తే అది వెలుతురుతో నడిచే రకం. అందులో ఉండేది ఛార్జి అయ్యే సెల్లు. దాని స్థానంలో మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు వేస్తే, వాచీ దాన్ని కూడా ఛార్జి చేయబోతుంది, అది ఉబ్బి కారుతుంది. "ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావు?" అని అడిగాను. బీరువాలో నగల పెట్టె అడుగున అంది. తీసుకెళ్లి పొద్దుటి ఎండ వచ్చే కిటికీ గట్టు మీద పెట్టాను. సాయంత్రం కాఫీ వేళకు ముల్లు నడుస్తోంది.